దెబ్బ తగిలి నల్లబడ్డ ముందు పన్నును లోపలి నుంచి తెల్లగా చేయించుకోవడం ఎలా

ముందు పళ్లలో ఒక్కటి మాత్రమే బూడిద రంగుకు తిరిగితే చాలామంది మొదట టూత్‌పేస్టు మారుస్తారు. తర్వాత బొగ్గు పొడి, నిమ్మరసం, బేకింగ్ సోడా, పంటికి అతికించే తెల్లబరిచే పట్టీలు. నెల గడిచేసరికి మిగతా పళ్లు కాస్త తెల్లబడతాయి, నల్ల పన్ను మాత్రం అలాగే ఉంటుంది. పక్క పళ్లు మెరిసేకొద్దీ అది ఇంకా ఎక్కువగా కనబడుతుంది. మరక పంటి మీద లేదు, పంటి లోపల ఉంది. అందుకే బయట ఎంత రుద్దినా దానికి తగలదు.

పంటి పై పొర, అంటే ఎనామెల్, కొంచెం పారదర్శకంగా ఉంటుంది. మనకు కనిపించే రంగులో ఎక్కువ భాగం దాని కిందున్న డెంటిన్‌దే. డెంటిన్ నిండా కంటికి కనిపించని సన్నటి గొట్టాలు ఉంటాయి. ఒక్క చదరపు మిల్లీమీటరులోనే వేలకొద్దీ ఉంటాయి. అవి పంటి మధ్యలోని గుజ్జు దగ్గర మొదలై ఎనామెల్ వైపు వెళ్తాయి. డాక్టర్లు పల్ప్ అనే ఈ గుజ్జులో రక్తనాళాలు, నరాలు ఉంటాయి. పంటికి గట్టి దెబ్బ తగిలితే ఆ నాళాలు చిట్లుతాయి. బయటికి పోవడానికి దారి లేని రక్తం ఈ గొట్టాల్లోకి చొచ్చుకుపోతుంది. అక్కడ హిమోగ్లోబిన్ విరిగిపోయి ఇనుము విడుదలవుతుంది. గుజ్జు చచ్చిపోయి బాక్టీరియా చేరితే, అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ ఈ ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. అది నల్లటి పదార్థం. పన్ను గులాబీ, గోధుమ, బూడిద, నలుపు అంటూ నెలల తరబడి మెల్లగా మారుతూ పోవడానికి మూలం ఇదే.

రూట్ కెనాల్ తర్వాత నల్లబడడం వేరే కథ. దానికి కారణం చాలాసార్లు ఆ చికిత్స చేసిన తీరులోనే ఉంటుంది. ముందు పంటిలో గుజ్జు గది పైభాగాన రెండు మూలలు కొమ్ముల్లా పైకి పొడుచుకు వస్తాయి. వెనుక నుంచి తెరిచిన రంధ్రం చిన్నదైతే ఆ మూలల్లో గుజ్జు ముక్కలు మిగిలిపోతాయి. అవి కుళ్లి రంగు దిగుతుంది. వేరులో నింపే గట్టాపెర్చా, దానితోపాటు వాడే సిమెంటు వేరులోనే ఆగాలి. వాటిని పంటి పైభాగం దాకా వదిలేసినా కాలంతో మరక పడుతుంది. చిన్న వయసులో దెబ్బ తిన్న పళ్లలో వాడే మినోసైక్లిన్ కలిసిన యాంటీబయాటిక్ పేస్టు, బిస్మత్ ఆక్సైడ్ ఉన్న ఎంటీఏ సిమెంటు కూడా పన్నును నల్లబరుస్తాయి. వెండి రంగు పాత ఫిల్లింగ్ ఉంటే దాని లోహం గొట్టాల్లోకి దిగుతుంది. ఈ చివరిదాన్ని గుర్తుంచుకోండి, దీని గురించి మళ్లీ చెప్పాలి.

ఇలాంటి పన్నును లోపలి నుంచి తెల్లబరిచే పద్ధతిని వాకింగ్ బ్లీచ్ అంటారు. మందును పంటి లోపల పెట్టి మూసేస్తారు. మీరు ఇంటికి వెళ్లి మీ పనులు చేసుకుంటూ ఉంటే అది లోపల పని చేస్తుంటుంది. పేరు అలా వచ్చింది. సోడియం పెర్బోరేట్‌ను నీటితో కలిపి పంటిలో ఉంచే పద్ధతి 1961 నాటిది. అంటే ఇది కొత్త ఆవిష్కరణ కాదు. సరిగ్గా చేస్తే క్యాప్ కన్నా పంటికి ఎంతో తక్కువ నష్టం. సరిగ్గా చేయకపోతే ఏళ్ల తర్వాత పన్నే పోవచ్చు. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఒక్క అడుగులో ఉంటుంది. అందుకే కింద ఆ అడుగు దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను.

మొదటి అడుగు: రంగు ఏమిటో, ఎప్పుడు వచ్చిందో చూసుకోండి

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందే అద్దం ముందు పగటి వెలుతురులో నిలబడి చూడండి. దెబ్బ ఎప్పుడు తగిలింది, రంగు ఎప్పుడు మారడం మొదలైంది, రూట్ కెనాల్ జరిగి ఉంటే ఏ సంవత్సరంలో, తర్వాత ఎప్పుడైనా వాపు గానీ చీము గానీ వచ్చాయా, ఇవన్నీ రాసుకోండి. పాత ఫొటోలు ఉంటే ఇంకా మంచిది. రంగు ఎంత వేగంగా మారిందో అవి మీ జ్ఞాపకం కంటే నిజాయితీగా చెప్తాయి.

దెబ్బ తగిలిన కొద్ది రోజుల్లోనే పన్ను గులాబీగానో లేత బూడిదగానో మారితే అది తాజా రక్తస్రావం. గుజ్జు బతికి ఉంటే నెలల్లో ఆ రంగు తనంతట తానే తగ్గిపోవచ్చు. చల్లదనానికి పన్ను స్పందించడం లేదని అప్పుడే రూట్ కెనాల్‌కు పరిగెత్తకూడదు. దెబ్బ తర్వాత మొదటి మూడు నెలల్లో ఆ పరీక్షలను పూర్తిగా నమ్మలేం, బతికున్న గుజ్జు కూడా షాక్‌లో ఉండి జవాబు చెప్పకపోవచ్చు. ఎక్స్‌రేలో మార్పు, నొప్పి, చీము పొక్కు లాంటి ఇంకో గుర్తు కూడా ఉంటేనే గుజ్జు చచ్చిందని తేల్చాలి.

రంగు పసుపుగా ఉంటే సంగతి వేరు. దెబ్బ తిన్న కొన్ని పళ్లు తమను తాము కాపాడుకోవడానికి లోపల డెంటిన్‌ను పోసుకుంటూ పోతాయి. గుజ్జు గది మెల్లగా పూడుకుపోతుంది, డెంటిన్ మందం పెరిగి పన్ను ముదురు పసుపుగా కనబడుతుంది. ఇలాంటి పన్ను చాలాసార్లు బతికే ఉంటుంది. కేవలం రంగు కోసం దానికి రూట్ కెనాల్ చేయించకండి. బయటి నుంచి చేసే బ్లీచింగ్‌ను ఆ ఒక్క పంటికి కాస్త ఎక్కువ రోజులు చేస్తే చాలావరకు సరిపోతుంది.

ఏళ్ల తర్వాత చిగురు దగ్గర ఒక గులాబీ మచ్చ కనబడితే మాత్రం ఆగండి. అది మరక కాకపోవచ్చు. పన్ను అక్కడ లోపలి నుంచో పక్క నుంచో కరిగిపోతూ, రక్తంతో నిండిన కణజాలం పల్చటి ఎనామెల్ గుండా కనబడుతూ ఉండొచ్చు. దాని సంగతి తేలకుండా బ్లీచ్ ఊసే ఎత్తకూడదు.

చిన్నపిల్లల పాలపన్ను నల్లబడితే ఈ వ్యాసం దానికి వర్తించదు. డాక్టర్‌కు చూపించి, వాపు గానీ చీము గానీ వస్తుందేమో గమనిస్తూ ఉండడమే అక్కడ పని.

రెండో అడుగు: ఎక్స్‌రే చూడకుండా ఒప్పుకోకండి

లోపలి బ్లీచింగ్ రూట్ కెనాల్ పూర్తయిన పంటికే చేస్తారు. కాబట్టి మొదట తెలియాల్సింది ఆ రూట్ కెనాల్ ఎలా ఉందన్నది. వేరు కొనదాకా నిండిందా, మధ్యలో ఖాళీలు ఉన్నాయా, కొన చుట్టూ ఎముకలో నల్లటి నీడ ఉందా, వేరు ఎక్కడైనా కరిగిందా, ఇవి ఒక చిన్న ఎక్స్‌రేలో కనబడతాయి. అనుమానం ఉంటే త్రీడీ స్కాన్ అడుగుతారు. నింపినది బాగా లేకపోతే ముందు దాన్ని మళ్లీ చేయించాలి. చీము ఉన్న పంటికి తెల్లరంగు వేసి ఏం లాభం?

ఆ రోజే రంగు కూడా నమోదు చేయించండి. డాక్టర్ దగ్గర చిన్న చిన్న నమూనా పళ్లు వరుసగా ఉన్న షేడ్ గైడ్ ఉంటుంది. మీ పంటి పక్కన దగ్గరి షేడ్ పెట్టి ఫొటో తీయమనండి. ఇది పన్ను తడిగా ఉన్నప్పుడే, పని మొదలుపెట్టకముందే తీయాలి. నోరు తెరిచి పన్ను ఆరిపోతే ఎవరి పన్నయినా కాసేపు ఉన్నదానికన్నా తెల్లగా కనబడుతుంది. పని అయిన వెంటనే అద్దంలో చూసుకుని మురిసిపోయి, మర్నాడు మళ్లీ ముదురుగా కనబడగానే మోసపోయామనుకునే వాళ్లను చూశాను. మోసం కాదు, నీరు తిరిగి చేరిందంతే.

మూడో అడుగు: మీ పంటికి ఇది పనికొస్తుందా

దెబ్బ వల్ల చేరిన రక్తపు మరక, కుళ్లిన గుజ్జు మరక బ్లీచ్‌కు బాగా లొంగుతాయి. రూట్ కెనాల్ సిమెంటు మరక కొన్నిసార్లు లొంగుతుంది, కొన్నిసార్లు సగంలో ఆగిపోతుంది. వెండి ఫిల్లింగ్ లోహం దిగిన మరక లొంగదనే అనుకోండి. బ్లీచ్ మందులో పనిచేసే పెరాక్సైడ్ పెద్ద రంగు అణువులను విరగ్గొట్టగలదు గానీ లోహాన్ని ఏమీ చేయలేదు. అలాంటి పంటికి బ్లీచ్ చేయించి డబ్బు, నెల రోజులు పోగొట్టుకోవడం కన్నా పంటి ముందువైపు అతికించే పల్చటి పెంకు, అంటే వెనీర్ గురించి నేరుగా మాట్లాడడం నయం.

పంటిలో సగానికి పైగా పాత ఫిల్లింగే ఉంటే బ్లీచ్ చేయడానికి అక్కడ డెంటిన్ మిగల్లేదు. ఫిల్లింగులు తెల్లబడవు. నిలువు పగులు ఉంటే కూడా వద్దు, మందు ఆ పగులు గుండా బయటికి పోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవడం మంచిది, ఇది తొందరపడాల్సిన చికిత్స కాదు.

ఇంకో సంగతి. మిగతా పళ్లు కూడా తెల్లబరచుకోవాలనే ఆలోచన ఉంటే అది ముందు కానివ్వండి. ఆ రంగు నిలకడగా ఆగాక, దాన్ని లక్ష్యంగా పెట్టుకుని ఈ ఒక్క పన్నును తేవాలి. తలకిందులుగా చేస్తే రెండుసార్లు పని.

నాలుగో అడుగు: కుర్చీలో ఏం జరుగుతుంది, ఏం జరగాలి

ముందుగా పంటి చుట్టూ రబ్బర్ డ్యామ్ అనే పల్చటి రబ్బరు తెర బిగిస్తారు. ఉమ్మి లోపలికి పోకుండా, మందు చిగుళ్ల మీద పడకుండా. మత్తు సూది చాలామందికి అవసరం ఉండదు, ఆ పంటిలో నరం లేదు కదా. బిగింపు చిగురుకు నొప్పి పెడితే కొంచెం ఇస్తారు.

తర్వాత పంటి వెనుక పాత ఫిల్లింగ్ తీసి గుజ్జు గదిని తెరుస్తారు. మొదట చెప్పిన ఆ రెండు మూలలూ ఇక్కడ పూర్తిగా శుభ్రం కావాలి. గోడల మీద పాత పంటిరంగు ఫిల్లింగ్ పల్చటి పొరగా మిగిలినా మందు డెంటిన్‌కు చేరదు. అది పంటి రంగులోనే ఉంటుంది కాబట్టి కంటికి దొరకదు, భూతద్దంతో వెతికి తీయాలి. నల్లగా కనిపిస్తున్నంత మేరా డెంటిన్‌ను చెక్కేయడం మాత్రం తప్పు. గోడలు పల్చబడితే పన్ను విరుగుతుంది. రంగు తీయడం మందు పని, డ్రిల్లు పని కాదు.

ఇక ఆగాల్సిన అడుగు దగ్గరికి వచ్చాం. పంటి పైభాగం వేరుతో కలిసే చోటును పంటి మెడ అనుకుందాం. అక్కడ ఎనామెల్ ఆగిపోయి, వేరును కప్పే సిమెంటమ్ మొదలవుతుంది. కొందరి పళ్లలో ఈ రెండూ కలవవు, మధ్యలో సన్నటి సందు మిగిలి డెంటిన్ బయటపడి ఉంటుంది. లోపల పెట్టిన పెరాక్సైడ్ ఈ చోటికి చేరి గొట్టాల గుండా బయటికి వస్తే, చుట్టూ ఉన్న కణజాలం మంటెక్కి, అక్కడి కణాలు పన్నును మెల్లగా తినేయడం మొదలుపెడతాయి. దీన్ని సర్వైకల్ రిసార్ప్షన్ అంటారు. బ్లీచ్ చేసిన పళ్లలో ఇలా జరగడాన్ని 1979లోనే వైద్య పత్రికల్లో నమోదు చేశారు. నొప్పి ఉండదు, ఏళ్లు గడిచాక బయటపడుతుంది. చిన్న వయసులో దెబ్బ తిన్న పళ్లకు, ఘాటైన పెరాక్సైడ్‌ను వేడి చేసి వాడిన చోట ఈ ప్రమాదం ఎక్కువ.

అందుకే మందు పెట్టే ముందు మెడ దగ్గర ఒక ఆనకట్ట కట్టాలి. వేరులో నింపిన గట్టాపెర్చాను మెడకన్నా 2 మిల్లీమీటర్లు లోతుకు తీసేసి, ఆ ఖాళీలో గ్లాస్ అయనోమర్ సిమెంటును కనీసం 2 మిల్లీమీటర్ల మందాన నింపుతారు. ఇది రెండు పనులు చేస్తుంది. మందు కిందికి జారి మెడ దాటకుండా ఆపుతుంది, కొత్తగా బాక్టీరియా రూట్ కెనాల్‌లోకి దిగకుండా కూడా ఆపుతుంది. గట్టాపెర్చా ఒక్కటే ఈ రెండూ చేయలేదు.

ఆనకట్ట పైభాగం బల్లపరుపుగా ఉంటే చాలదు. పంటి మెడ గీత ముందువైపు వేరు వైపు వంగి, పక్కల దగ్గర పంటి అంచు వైపు ఎక్కుతుంది. ఆనకట్ట కూడా ఆ వంపునే అనుసరించాలి, లేకపోతే పక్కల దగ్గర మెడకు కాపలా ఉండదు. డాక్టర్ దీన్ని ఊహించి కట్టరు. చిగురు పక్కన సన్నటి కొలకర్రను నెమ్మదిగా దింపి, చిగురు పంటికి అంటుకున్న చోటు పంటి అంచు నుంచి ఎంత దూరమో మూడు చోట్ల కొలుస్తారు. అవే కొలతలను లోపలి నుంచి మళ్లీ తీసుకుంటారు.

పని మొదలయ్యే ముందు అడగండి: "డాక్టర్ గారూ, మెడ దగ్గర సిమెంటు బారియర్ వేస్తున్నారా, ఏ మందు వాడుతున్నారు, వేడి పెడతారా?" ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు చాలా చెప్తుంది. బారియర్ ఎందుకండీ, తొందరగా అయిపోతుంది అన్నారంటే ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.

ఆనకట్ట గట్టిపడ్డాక మందు. సోడియం పెర్బోరేట్ పొడిని నీటితో గానీ సెలైన్‌తో గానీ కలుపుతారు. 2 గ్రాముల పొడికి ఒక మిల్లీలీటరు నీరు లెక్క, చూడడానికి తడి ఇసుకలా ఉంటుంది. దాన్ని లోపల కూరి, పైన కొంచెం చోటు వదిలి, దూదితో తడి అద్దుతారు. సోడియం పెర్బోరేట్ దొరకని చోట, లేదా దాని వాడకంపై ఆంక్షలున్న చోట కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ పెడతారు. పెర్బోరేట్‌ను నీటికి బదులు 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపే పాత పద్ధతి ఇంకా అక్కడక్కడా ఉంది. పని కొంచెం వేగంగా కావచ్చు, కానీ చిగుళ్లను కాల్చే ఘాటు అది, మెడకు ప్రమాదం కూడా ఎక్కువ. నా లెక్కలో రెండు రోజులు మిగలడం కోసం ఆ ప్రమాదం తెచ్చుకోవడం దండగ.

చివరికి మందు పైన 3 మిల్లీమీటర్ల మందాన టెంపరరీ ఫిల్లింగ్. ఇది పల్చగా ఉంటే లోపల పుట్టే ఆక్సిజన్ దాన్ని పైకి తోసేస్తుంది. ఆ ఫిల్లింగ్ లీకైతే మందు కారిపోయి, ఉమ్మి లోపలికి పోయి, ఆ వారమంతా వృథా.

ఐదో అడుగు: ఇంట్లో ఆ వారం రోజులు

ఈ రోజుల్లో ఆ పన్ను లోపల ఖాళీగా, బలహీనంగా ఉంటుంది. దానితో ఏదీ కొరకకండి. గట్టి పదార్థాలను ముక్కలు చేసి పక్క పళ్లతో నమలండి. పళ్లు తోముకోవచ్చు, కానీ పంటి వెనుక వైపు మెత్తగా.

రంగు వెంటనే మారకపోతే టెన్షన్ పడకండి. మొదటి రెండు రోజులు ఏమీ కనబడకపోవచ్చు. రోజూ ఒకే సమయంలో, ఒకే కిటికీ దగ్గర, ఫ్లాష్ లేకుండా ఒక ఫొటో తీసుకోండి. గంటకోసారి అద్దంలో చూసుకుంటే మార్పు తెలియదు. మూడు రోజుల ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. పక్క పళ్లకన్నా బాగా తెల్లబడిపోతోందని అనిపిస్తే అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకుండా ఫోన్ చేయండి, ముందుగానే మందు తీసేస్తారు.

నోట్లో ఉన్నట్టుండి సబ్బులాంటి వింత రుచి వచ్చినా, నాలుకకు పంటి వెనుక గుంత తగిలినా టెంపరరీ ఫిల్లింగ్ పోయిందని అర్థం. నోరు నీళ్లతో పుక్కిలించి ఉమ్మేసి, ఆ రోజే లేదా మర్నాడు వెళ్లండి. కనిపిస్తున్న గుంతలో దూది, మైనం లాంటివి కూరకండి. చిగురు తెల్లగా పాలిపోయి మండుతున్నా, వాపు వచ్చినా, కొరికితే నొప్పి మొదలైనా వెంటనే చూపించాలి. మామూలుగా ఈ చికిత్సలో నొప్పి ఉండదు.

ఆరో అడుగు: ఎన్నిసార్లు, ఎక్కడ ఆపాలి

మూడు నుంచి ఏడు రోజులకోసారి పాత మందు కడిగేసి కొత్తది పెడతారు. ఎక్కువమందికి రెండు నుంచి నాలుగు సార్లు సరిపోతుంది. చిన్న వయసు వాళ్లకు త్వరగా తేలుతుంది, వాళ్ల డెంటిన్ గొట్టాలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి మందు సులువుగా చొచ్చుకుపోతుంది. మరక ఎన్నేళ్ల పాతదైతే అంత మొండిగా ఉండే అవకాశం ఎక్కువ.

ఆపాల్సిన చోటు పక్క పంటి రంగు కాదు, దానికన్నా ఒక మెట్టు తెల్లగా. ఆపాక కొన్ని వారాల్లో రంగు కొంచెం వెనక్కి వస్తుంది. ఆ మెట్టు ముందే కలుపుకోవాలి. అంతకన్నా ఎక్కువ తెల్లబరిస్తే మళ్లీ ముదురు చేయడం ఎవరి వల్లా కాదు.

నాలుగుసార్లయినా కదలిక లేకపోతే ఐదోసారి అదే మందు పెట్టడం మొండితనం. ఏదో ఆపుతోంది. గోడల మీద పాత ఫిల్లింగ్ మిగిలిందా, టెంపరరీ ప్రతిసారీ లీకవుతోందా, మరకకు మూలం లోహమా అని వెతకాలి. ఈ మూడూ కాకపోతే కొందరు డాక్టర్లు లోపలా బయటా ఒకేసారి చేసే పద్ధతి సూచిస్తారు. పంటి వెనుక రంధ్రం మూయకుండా వదిలేస్తారు, మీరే 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్‌ను అందులో పోసి, మీ పళ్లకు కొలిచి చేసిన ట్రే పెట్టుకోవాలి. కొన్ని రోజుల్లో పని అవుతుంది. కానీ తిన్న ప్రతిసారీ ఆ రంధ్రం కడగాలి, ట్రే వేళ తప్పకూడదు. క్రమం తప్పకుండా చేయగలమని నమ్మకం లేనివాళ్లకు నేను దీన్ని సూచించను. అదే ఆనకట్ట ఇక్కడ ఇంకా ఎక్కువ అవసరం.

ఒక పన్ను, మొదటి నుంచి చివరి దాకా

పద్నాలుగేళ్లప్పుడు సైకిల్ మీంచి పడి పై ముందు పంటికి దెబ్బ తగిలిన ఒకమ్మాయిని అనుకుందాం. రెండేళ్లకు చీము పట్టి రూట్ కెనాల్ అయింది. ఇప్పుడు ఇరవై ఆరేళ్లు, పన్ను బూడిద రంగు. ఎక్స్‌రేలో వేరు కొనదాకా నిండింది, నీడ లేదు, కరగడం లేదు. కానీ గట్టాపెర్చా మెడ దాటి గుజ్జు గదిలోకి వచ్చి ఉంది. షేడ్ గైడ్‌లో పన్ను సీ4, అంటే బాగా ముదురు బూడిద; పక్క పన్ను ఏ2, అంటే లేత రంగు.

పన్ను తెరిస్తే రెండు మూలల్లోనూ నల్లటి పదార్థం. కొలకర్రతో కొలిస్తే అంచు నుంచి మెడకు ముందు వైపు 11 మిల్లీమీటర్లు, రెండు పక్కలా 8. అంటే గట్టాపెర్చాను అంచు నుంచి 13 మిల్లీమీటర్ల లోతు దాకా తీయాలి. సిమెంటు 13 నుంచి 11 దాకా నిండుతుంది, పక్కల దగ్గర మాత్రం 8 దాకా ఎక్కుతుంది. ముందు వైపు లోతుగా, పక్కలా ఎత్తుగా ఉండే ఈ ఆనకట్ట గట్టిపడ్డాక ఒక ఎక్స్‌రే తీసి చూస్తారు. ఆ తర్వాతే పెర్బోరేట్, టెంపరరీ.

ఐదో రోజు వచ్చినప్పుడు అంచు దగ్గర తెల్లబడింది, మెడ దగ్గర ఇంకా ముదురే. ఇది మామూలే, మెడ దగ్గర ఎనామెల్ పల్చన, కింద డెంటిన్ మందం. రెండోసారి మందు పెట్టి వారం ఆగితే ఏ3. మూడోసారి పెట్టాక ఏ1, అంటే పక్క పంటికన్నా ఒక మెట్టు తెల్లన. అక్కడ ఆపారు. మెడ దగ్గర ఒక సన్నటి నీడ మిగిలింది. దాని కోసం ఆనకట్టను లోతుకు దించి నాలుగోసారి పెట్టాలన్న కోరిక ఇక్కడే పుడుతుంది. ఆ నీడను పైపెదవి కప్పేస్తుంటే దించకపోవడమే తెలివి. పెదవి ఎత్తితే తప్ప కనబడని మిల్లీమీటరు కోసం పన్నును పణంగా పెట్టకూడదు.

ఏడో అడుగు: మూసేయడానికి ముందు రెండు వారాలు

రంగు వచ్చిన రోజే శాశ్వత ఫిల్లింగ్ వేయమని అడగకండి. పెరాక్సైడ్ వదిలిన ఆక్సిజన్ డెంటిన్‌లో మిగిలి ఉంటుంది. అది కంపోజిట్, అంటే పంటిరంగు ఫిల్లింగ్, సరిగ్గా గట్టిపడకుండా, పంటికి సరిగ్గా అంటుకోకుండా చేస్తుంది. అప్పుడు వేసిన ఫిల్లింగ్ అంచుల దగ్గర లీకవుతుంది, లీకైతే మళ్లీ మరక. అందుకే మందు కడిగేసి, లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ పేస్టు పెట్టి, టెంపరరీతో మూసి, రెండు వారాల దాకా ఆగుతారు. ఆ పేస్టు మెడ దగ్గర ఆమ్ల స్వభావాన్ని కూడా తగ్గిస్తుంది. రంగు ఎక్కడ నిలకడగా ఆగుతుందో కూడా ఈలోగా తెలుస్తుంది. పై ఉదాహరణలో ఏ1 కాస్తా ఈ రెండు వారాల్లో ఏ2కి దిగి, పక్క పంటితో కలిసిపోతుంది.

తర్వాత లేత షేడ్ కంపోజిట్‌తో గది నింపుతారు. లోపల లేత రంగు ఉంటే పన్ను ఇంకొంచెం వెలుతురుగా కనబడుతుంది. పన్ను అంచులు గట్టిగా ఉంటే క్యాప్ అక్కర్లేదు. రూట్ కెనాల్ అయింది కాబట్టి క్యాప్ తప్పనిసరి అనే మాట నమిలే వెనుక దంతాలకు ఎక్కువగా వర్తిస్తుంది, చెక్కుచెదరని ముందు పంటికి కాదు.

ఎనిమిదో అడుగు: ఆ తర్వాత

ఆరు నెలలు నిండాక ఒకసారి, ఏడాది నిండాక ఒకసారి, ఆ తర్వాత ఏటా ఎక్స్‌రే తీయించుకోండి. చూసేది రంగు కోసం కాదు, మెడ పక్కన పంటి గీత ఎక్కడైనా తరిగిందేమోనని. తొలిదశలో దొరికితే ఆ భాగాన్ని శుభ్రం చేసి పూడ్చి పన్నును నిలబెట్టే అవకాశం ఉంటుంది. అద్దంలో చిగురు దగ్గర గులాబీ మచ్చ కనబడినా, ఆ ఒక్క చోట చిగురు తరచూ రక్తం కారుతున్నా ఎక్స్‌రే తేదీ దాకా ఆగకండి.

కొన్నేళ్లకు కొంచెం రంగు వెనక్కి రావచ్చు, కొందరికి వస్తుంది, కొందరికి రాదు. వచ్చినప్పుడు మొదట వెనుకనున్న ఫిల్లింగ్ అంచు లీకవుతోందేమో చూడాలి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. మళ్లీ బ్లీచ్ చేయాల్సి వస్తే ఫిల్లింగ్ తీసి, పాత ఆనకట్ట గట్టిగా ఉందో లేదో పరీక్షించి, ఒకటి రెండుసార్లు మందు పెడితే సరిపోతుంది. ఆ ఆనకట్ట ఏ సిమెంటుతో, అంచు నుంచి ఎంత లోతున కట్టారో మొదటిసారే ఒక కాగితం మీద రాయించుకుని ఎక్స్‌రేతోపాటు దాచుకోండి. వేరే డాక్టర్ తెరవాల్సి వస్తే ఎక్కడ ఆగాలో ఆ కాగితమే చెప్తుంది.